‘నిన్ననే’ ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం గాంధీనగర్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. నేను పత్రికల కోసం వెళ్తాను. అక్కడ పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునేవాళ్ళు ఎక్కువమంది అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ గ్రూప్స్‌కి చదివే పిల్లలు. చాలా ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణని వాళ్ళలో కొందరికి తెలుసు. అందుకని అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంటారు. “సార్, ఈ మెయిల్ ఒక్కసారి చూస్తరా? పంపొచ్చా?” అని అడుగుతారు.

మొన్న వచ్చిన అబ్బాయిది నల్గొండ వైపు పల్లె. నాలుగేళ్ళుగా గ్రూప్స్‌కి చదువుతూ, ఇంటి పరిస్థితి చూసుకుని ఒక ప్రైవేటు ఉద్యోగానికి కూడా దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూకి పిలిచిన రోజే అతనికి సర్టిఫికెట్ల పరిశీలన పడింది. తేదీ మార్చమని కంపెనీని అడగాలి. అతను రాసుకున్నది ఇది:

```
Respected Sir,
I am preparing for Groups since four years, sir. As my
certificate verification is there on 18th June due to
which I am not able to come for interview on same day,
so I am requesting you that kindly change the date sir.
You can tell me the new date. I got your mail yesterday
only, sir.
```

ఇందులో స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. మాటలన్నీ ఇంగ్లీషువే. అయినా చదువుతుంటే వెనక తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. దాన్నే తెలుగులో చదివి చూడండి: “నాలుగేళ్ళ నుంచి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను సార్. 18న నా సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉంది కాబట్టి ఆ రోజు ఇంటర్వ్యూకి రాలేకపోతున్నాను, అందువల్ల దయచేసి తేదీ మార్చాల్సిందిగా కోరుతున్నాను సార్. కొత్త తేదీ తెలియజేయగలరు. మీ మెయిల్ నిన్ననే అందింది సార్.” ఎంత మర్యాదగా, ఎంత సాఫీగా ఉందో. ఈ తెలుగు ఉత్తరంలో దిద్దాల్సింది దాదాపు ఏమీ లేదు. చిక్కంతా దీన్ని మాటకు మాటగా దాటించడంలో ఉంది.

తెలుగులో మర్యాద, కారణం, నొక్కి చెప్పడం, కాలం, ఇవన్నీ మాట చివర అంటుకునే చిన్న చిన్న ప్రత్యయాలు చేసే పనులు. అండీ, గలరు, కాబట్టి, ఏ, నుంచి. ఇంగ్లీషులో ఈ పనులు చేసేవి వేరే. కొన్నింటిని వాక్యంలో మాటల వరస చేస్తుంది, కొన్నింటిని ప్రశ్న రూపం చేస్తుంది, కొన్నింటిని క్రియ చేస్తుంది. ప్రత్యయానికి సమానమైన మాట కోసం వెతికితే దొరికేది ‘ఓన్లీ’, ‘కైండ్లీ’, ‘సిన్స్’. ఆ ప్రత్యయం చేస్తున్న పని ఏమిటని వెతికితే దొరికేది వేరు.

ముందుగా మర్యాద సంగతి, ఎందుకంటే అవతలివాళ్ళ మనసులో మన మీద అభిప్రాయం దాన్నిబట్టే ఏర్పడుతుంది. ‘కొత్త తేదీ తెలియజేయగలరు’ అన్న వాక్యాన్నే తీసుకుందాం. ‘గల’ అంటే శక్తి ఉండటం. అయినా మన ఆఫీసు ఉత్తరాల్లో ‘పంపగలరు’, ‘హాజరు కాగలరు’ అంటే ఎవరూ శక్తి గురించి ఆలోచించరు. అది వినయంగా అడగడం. ఆ అబ్బాయి ఇదే పద్ధతిలో ‘యూ కెన్ టెల్ మీ ద న్యూ డేట్’ అని రాశాడు. ఇంగ్లీషు చదువరికి అది అడిగినట్టు ఉండదు. ‘చెప్పాలనుకుంటే చెప్పండి, నేను వింటాను’ అని అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది. ఉద్యోగం అడిగేవాడు ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి అనుమతి ఇస్తున్నట్టు వినబడితే, అతను ఎంత వినయంగా రాశాననుకున్నా లాభం లేదు.

ఇంగ్లీషులో వినయం రెండు చోట్ల ఉంటుంది. వాక్యాన్ని ప్రశ్నగా మార్చడం ఒకటి. ‘కెన్’ని వెనక్కి జరిపి ‘కుడ్’ చేయడం ఇంకొకటి. ‘కుడ్’ రూపానికి భూతకాలమే అయినా ఇక్కడ కాలంతో పని లేదు. అది అడిగేవాడికీ వినేవాడికీ మధ్య కాస్త ఎడం ఉంచుతుంది, కాదనడానికి వీలిస్తుంది. మన ‘మీరు’లోని బహువచనం చేసే పని లాంటిదే ఇది. ఒక మనిషినే బహువచనంలో పిలిచి మనం ఎడం చూపిస్తాం. వాళ్ళు ఇప్పటి మాటని నిన్నటి రూపంలో చెప్పి చూపిస్తారు. కాబట్టి ‘తెలియజేయగలరు’ని ‘కుడ్ యూ లెట్ మీ నో ద న్యూ డేట్?’ అని రాస్తే, తెలుగు మాట చేసిన పని ఇంగ్లీషులోనూ జరుగుతుంది.

దీనికి అటువైపు చిక్కు ‘ఆలి’తో వస్తుంది. ‘గురువారంలోగా ఫైలు పంపాలండీ’ అని పెద్దవాళ్ళతో కూడా అంటాం. ‘ఆలి’లోని కట్టుబాటును పక్కనే ఉన్న ‘అండీ’ మెత్తబరుస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ‘ఆలి’ వెళ్తుంది, ‘అండీ’ ఇక్కడే ఉండిపోతుంది. ‘యూ హావ్ టు సెండ్ ద ఫైల్ బై థర్స్‌డే’ అని మిగులుతుంది. చదివేవాడికి అది ఆజ్ఞ. రాసినవాడికి ఏదో తగ్గిందని తెలుస్తుంది కానీ ఏది తగ్గిందో తెలియదు. అందుకని ‘సర్’ తగిలిస్తాడు, సరిపోలేదనిపిస్తే ‘కైండ్లీ’ తగిలిస్తాడు, ఇంకా సరిపోకపోతే ‘ప్లీజ్’. నల్గొండ అబ్బాయి మెయిల్లో సంబోధన కాక వచ్చిన మూడు ‘సర్’లూ ఇలా వచ్చినవే. ఒక్కొక్కటీ ఒక్కో ‘అండీ’కి బదులు.

మన ఆఫీసుల్లో ఒకరికొకరం రాసుకుంటే ఈ ‘సర్’లు ఎవరినీ ఇబ్బంది పెట్టవు. అవి ‘అండీ’లేనని చదివేవాళ్ళకీ తెలుసు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్ళకి మాత్రం ప్రతి వాక్యంలో ‘సర్’ కనిపిస్తే ఎదుటివాడు బతిమాలుతున్నాడేమో అనిపిస్తుంది, లేదా మనసులో కోపం పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ‘కైండ్లీ’ కూడా అంతే. మనకది దయ. వాళ్ళకది చాలాసార్లు బోర్డు మీద రాసే హెచ్చరిక భాష, ‘ఇక్కడ వాహనములు నిలుపరాదు’ లాంటిది. సంబోధనలో ఒక మర్యాద, అడిగేచోట ఒక ‘కుడ్’, చివర ఒక కృతజ్ఞత. ఒక మెయిల్‌కి అవి చాలు.

ఇక రెండోది, నా అనుభవంలో అన్నిటికన్నా లోతుగా పాతుకున్నది, వాక్యం కట్టుబడి. ‘యాజ్ మై సర్టిఫికెట్ వెరిఫికేషన్…’ అని మొదలైన వాక్యాన్ని మళ్ళీ చూడండి. అందులో కారణం చెప్పే మాటలు మూడున్నాయి: మొదట ‘యాజ్’, మధ్యలో ‘డ్యూ టు విచ్’, తర్వాత ‘సో’. ఒకే కారణానికి మూడెందుకు వచ్చాయి? అతనికి ఇంగ్లీషు రాక కాదు. ఇంగ్లీషు పద్ధతినీ తెలుగు పద్ధతినీ ఒకేసారి పాటించాడు.

తెలుగులో కారణం చెప్పే మాట ఆ ముక్క చివర వస్తుంది: వెరిఫికేషన్ ఉంది ‘కాబట్టి’. ఇంగ్లీషులో అదే మాట ముక్క మొదట్లో రావాలి. బడిలో నేర్చుకున్నాడు గనక ‘యాజ్’ని సరిగ్గానే మొదట పెట్టాడు. ముక్క పూర్తయ్యే చోటికి వచ్చేసరికి, చిన్నప్పటి నుంచి అక్కడ ‘కాబట్టి’ అనడం అలవాటైన మనసు ఊరుకోదు. అక్కడ ఖాళీ కనిపిస్తుంది. దాన్ని ‘డ్యూ టు విచ్’తోనో ‘సో’తోనో నింపుతుంది. ‘వర్షం పడినా వచ్చాను’ని ‘దో ఇట్ రెయిన్డ్, బట్ ఐ కేమ్’ అని రాసేది కూడా ఇందుకే. ‘దో’ ఇంగ్లీషు చోట పెట్టినది, ‘బట్’ తెలుగు చోట పెట్టినది. ఈ సంగతి విప్పి చెప్పాక ఆ తప్పు మళ్ళీ చేసిన పిల్లలు నాకు పెద్దగా తగల్లేదు. రెండింటిలో ఒకదాన్ని తీసేస్తే సరిపోతుంది.

కారణం మాట ఎన్నిసార్లు వచ్చిందన్నది ఒకటైతే, అసలు కోరిక ఎక్కడ వచ్చిందన్నది ఇంకొకటి. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. అందుకని వినేవాడు చివరిదాకా ఓపికగా ఉంటాడు. ‘వచ్చి’, ‘ఇచ్చి’, ‘తీసుకుని’ అంటూ ఎన్ని అసమాపక క్రియలు కూర్చినా, వాక్యాన్ని ముగించే అసలు క్రియ చివర వస్తుందని అతనికి తెలుసు. ‘నిన్న మీ ఆఫీసుకు వచ్చి, అప్లికేషన్ ఇచ్చి, రసీదు తీసుకుని, సాయంత్రం దాకా ఆగి, తిరిగి వచ్చాను’ అంటే ఎవరికీ ఊపిరి ఆడకపోవడం లేదు. సమాపక క్రియ ఒక్కటే, ‘వచ్చాను’. మిగతావన్నీ దానివైపు నడుస్తాయి. ఉత్తరం మొత్తానికి కూడా మనం ఇదే నడక వాడతాం. ముందు మన పరిస్థితి, తర్వాత కారణం, చివర కోరిక. అడగడానికి ముందు నేపథ్యం చెప్పడం మనకు పద్ధతి. ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే అప్పు అడగరు కదా.

ఇంగ్లీషు చదువరి ఓపిక వేరే చోట ఉంటుంది. కర్త, క్రియ మొదట్లోనే వచ్చే భాష అది. ఏం కావాలో ముందు తెలిస్తే కారణాలను తర్వాత తీరిగ్గా చదువుతాడు. తెలియకపోతే ప్రతి వాక్యం దగ్గరా ‘ఇది నాకెందుకు చెబుతున్నాడు’ అనుకుంటూ చదువుతాడు. పైగా మెయిల్ పెట్టెలో తెరవకముందు కనిపించేది విషయం పేరు, మొదటి వరసలో కొన్ని మాటలు. నాలుగేళ్ళుగా గ్రూప్స్‌కి చదువుతున్న సంగతి ఆ చోటును తినేసింది. ఇంటర్వ్యూ తేదీ మాట కింద ఎక్కడో ఉండిపోయింది.

అసమాపక క్రియల గొలుసును ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ‘వచ్చి, ఇచ్చి’ అన్నవాటిని చాలామంది ‘బై కమింగ్, బై గివింగ్’ అని రాస్తారు. ‘బై’ పెడితే అది ఉపాయం అవుతుంది. ‘రావడం ద్వారా, ఇవ్వడం ద్వారా’ అని అర్థం. తెలుగులో ‘వచ్చి’ అన్నది ఉపాయం కాదు, ఒక పని అయ్యాక ఇంకో పని జరిగిందని మాత్రమే చెబుతుంది. ఇలాంటప్పుడు గొలుసును తెంపేయాలి. ఆ అయిదు పనుల్లో చదివేవాడికి పనికొచ్చేవి ఏవో చూసుకోవాలి. అప్లికేషన్ ఇవ్వడం, రసీదు తీసుకోవడం, రెండే. ‘ఐ సబ్మిటెడ్ ద అప్లికేషన్ ఎట్ యువర్ ఆఫీస్ యెస్టర్‌డే అండ్ హావ్ ద రిసీట్.’ సాయంత్రం దాకా ఆగిన బాధ ఫిర్యాదులో భాగమైతే దానికి ఇంకో వాక్యం ఇవ్వాలి. కాకపోతే వదిలేయాలి. తెలుగులో ఆ బాధ గొలుసులో ఒక కొక్కెంగా సులువుగా ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో దానికి ఒక వాక్యమంత చోటు కావాలి. ఆ చోటు ఇవ్వాలో వద్దో రాసేవాళ్ళే తేల్చుకోవాలి.

మూడోది ఈ వ్యాసం పేరులో ఉన్న ‘నిన్ననే’. ఆ చివరి ‘ఏ’ తెలుగులో నాకు ఎంతో ఇష్టమైన అక్షరం. ఏ మాటకు తగిలిస్తే ఆ మాట మీద వెలుగు పడుతుంది. నేనే, ఇక్కడే, ఇప్పుడే, నిన్ననే. దీన్ని మనవాళ్ళు ‘ఓన్లీ’ అని, ‘ఇట్సెల్ఫ్’ అని దాటిస్తారు. ‘యెస్టర్‌డే ఓన్లీ’, ‘టుడే ఇట్సెల్ఫ్’. వినడానికి వింతగా ఉండటం ఒక్కటే అయితే నేను పట్టించుకోను. అర్థం తలకిందులయ్యే చోటు ఉంది, అదీ డబ్బు దగ్గర.

‘మీ మెయిల్ నిన్ననే అందింది’, ‘ఫీజు నిన్ననే కట్టాను’. రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఒకే ‘నిన్ననే’. మొదటిదాంట్లో అర్థం ‘అంతకు ముందు అందలేదు, అందుకే ఆలస్యం’ అని. రెండోదాంట్లో అర్థం ‘ఇంకా కట్టలేదనుకుంటున్నారేమో, ఎప్పుడో కట్టేశాను’ అని. ఒకటి ఆలస్యానికి సంజాయిషీ, ఇంకొకటి ఆలస్యం లేదని రుజువు. తెలుగులో సందర్భమే తేలుస్తుంది, ఎవరూ పొరబడరు. ఇంగ్లీషులో ‘ఓన్లీ యెస్టర్‌డే’ అంటే మొదటి అర్థం ఒక్కటే. కాబట్టి ఫీజు గురించి ‘ఐ పెయిడ్ ద ఫీ యెస్టర్‌డే ఓన్లీ’ అని రాస్తే, చదివినవాడికి ‘నిన్నటిదాకా కట్టలేదు’ అని వినిపిస్తుంది. గడువు మొన్నటితో అయిపోయి ఉంటే, తన తప్పు తానే ఒప్పుకున్నట్టు.

అందుకని ‘ఏ’ రాయాల్సి వచ్చినప్పుడు, నా ఉద్దేశం ఆలస్యమా, తొందరా, లేక ఇంకెవరూ కాదు నేనే అన్న పట్టుదలా అని ముందు తేల్చుకోవాలి. ఆలస్యమైతే ‘ఐ సా యువర్ మెయిల్ ఓన్లీ యెస్టర్‌డే’, ఓన్లీ ముందుకు వచ్చింది చూడండి. అప్పటికే అయిపోయిందని చెప్పాలంటే ‘ఐ హావ్ ఆల్రెడీ పెయిడ్ ద ఫీ’ అని రాసి, తేదీ విడిగా ఇవ్వాలి. ‘ఇప్పుడే పంపాను’ అయితే ‘ఐ హావ్ జస్ట్ సెంట్ ఇట్’. చాలాసార్లు ‘ఏ’ని ఊరికే వదిలేసినా ఏమీ పోదు. ‘ఈ రోజే పంపుతాను’కి ‘ఐ విల్ సెండ్ ఇట్ టుడే’ చాలు.

ఇన్నీ మాట్లాడుకున్నాక ఆ అబ్బాయి, నేను కలిసి మెయిల్‌ని మళ్ళీ రాశాం. అతను రాస్తుంటే నేను అడుగుతూ పోయాను. వాళ్ళు ఏం చేయాలి? ఎందుకు? నువ్వు ఎప్పుడు రాగలవు? మూడో ప్రశ్నకు అతని మొదటి మెయిల్లో జవాబే లేదు. తేదీ మార్చమన్నాడు గానీ ఏ రోజుల్లో ఖాళీయో చెప్పలేదు. తెలుగులో అది వినయం. తేదీ నిర్ణయించేది పెద్దవాళ్ళు, మనం చెప్పకూడదు అన్న భావం. అవతల ఆఫీసులో కూర్చున్న ఉద్యోగికి మాత్రం అది ఇంకో మెయిల్ రాయాల్సిన పని.

```
Subject: Interview on 18 June: request for another date

Dear Sir,
Could my interview be moved from 18 June to another day
that week? I have to attend a certificate verification
on the 18th, and I cannot change that date.

I am free on the 17th, 19th and 20th at any time.

I am sorry for the late reply; I saw your mail only
yesterday. Thank you for considering me.
```

చదివి కాసేపు ఊరుకున్నాడు. “సార్, గ్రూప్స్ సంగతి ఎక్కడా లేదు కదా?” అన్నాడు. లేదు. అది వెరిఫికేషన్ అన్న మాటలోనే ఉంది. నాలుగేళ్ళ కష్టం అతనికి ప్రాణసమానమని నాకు తెలుసు. కానీ తేదీ మార్చడానికి ఆ ఉద్యోగికి అది అక్కర్లేదు, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పుకోవచ్చు. అలా అన్నాను. ఒప్పుకున్నాడు, కానీ కష్టంగానే.

అతను తీసేసిన ఆ మొదటి వాక్యంలో కూడా ఒక సంగతి ఉంది. ‘నాలుగేళ్ళ నుంచి’ అన్నప్పుడు మన ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ‘2021 నుంచి’ అని మొదలైన క్షణాన్ని చెబుతుంది, ‘నాలుగేళ్ళ నుంచి’ అని గడిచిన కాలాన్నీ చెబుతుంది. ఇంగ్లీషులో క్షణానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. దానితోపాటు ‘చదువుతున్నాను’ కూడా మారాలి, ఎందుకంటే మనకు ఇప్పుడు చదవడానికీ, అప్పటి నుంచీ చదువుతూ ఉండటానికీ ఒకే రూపం. ‘ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ ఫోర్ ఇయర్స్’. రోజూ చేసే పనికి, రేపు చేయబోయే పనికి కూడా మనకు ఒకటే రూపం, ‘వెళ్తాను’. అందుకే ‘రోజూ లైబ్రరీకి వెళ్తాను’ కాస్తా ‘డెయిలీ ఐ విల్ గో టు లైబ్రరీ’ అయి, అలవాటు చెప్పబోతే మాట ఇచ్చినట్టవుతుంది.

అశోక్‌నగర్‌లో రోజుకు వందసార్లు వినిపించే మాట ‘పరీక్ష రాశాను’. ‘ఐ హావ్ రిటెన్ గ్రూప్-2’ అని బయోడేటాలో పెట్టినవాళ్ళని చూశాను. కెనడా, దక్షిణాఫ్రికాల్లో ‘రైట్’ అనడం ఉంది, వాళ్ళకి అర్థమవుతుంది. అమెరికాలో పరీక్ష రాసినవాడంటే ప్రశ్నపత్రం తయారుచేసినవాడు అనుకునే అవకాశం ఉంది. ‘టుక్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ‘డౌట్’ ఇలాంటిదే. ‘నాకొక డౌట్ ఉంది’ అంటే తెలుగులో ప్రశ్న. ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఇన్‌వాయిస్’ అంటే ఇంగ్లీషులో మీ బిల్లును నమ్మడం లేదని. ‘క్వశ్చన్’ అంటే గొడవ లేదు.

ఇవన్నీ వాక్యంలో కంటికి కనిపించే చిక్కులు. కనిపించకుండా పని చెడగొట్టేది ఒకటుంది, అది ఒక్క మాట. నారాయణగూడలో అద్దెకుండే ఒక అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది, ఇంటి నుంచే పని. కంపెనీ పంపాల్సిన లాప్‌టాప్ రాలేదు. విదేశంలోని ఉద్యోగి ఒకరు ‘హావెంట్ యూ రిసీవ్డ్ ద లాప్‌టాప్?’ అని అడిగారు. ఈమె ‘యెస్’ అని జవాబిచ్చింది. ఆయన ఫిర్యాదును మూసేశారు. ఇంకో వారం లాప్‌టాప్ లేకుండా గడిచింది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ‘అందలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవునండీ, అందలేదు’ అంటాం. మీరన్నమాట నిజమే అని ఒప్పుకోవడం అది. ఇంగ్లీషులో ‘యెస్’, ‘నో’ అడిగినవాడి మాటను పట్టించుకోవు, జరిగిన విషయాన్నే పట్టించుకుంటాయి. అందితే ‘యెస్’, అందకపోతే ‘నో’, ప్రశ్న ఎలా అడిగినా సరే. ‘లేదు’ అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ‘యెస్’, ‘నో’లను నమ్ముకోకుండా వాక్యం మొత్తం రాయడం ఒక్కటే దారి: ‘ఇట్ హాజ్ నాట్ అరైవ్డ్ యెట్.’ మనమే అడగాల్సి వస్తే ‘లేదు’ లేకుండా అడగడం ఇంకా మంచిది.

దీనికి చేరువలోనే ఇంకో అలవాటు. ‘ఫలితాలు ఎప్పుడు వస్తాయో చెప్పండి’లో లోపలి ప్రశ్న ఏమీ మారదు, చివర ‘ఓ’ చేరుతుంది, అంతే. ఆ ధీమాతో ‘ప్లీజ్ టెల్ మీ వెన్ విల్ ద రిజల్ట్స్ కమ్’ అని రాస్తాం. ఇంగ్లీషులో ప్రశ్న ఇంకో వాక్యం లోపలికి వెళ్తే మాటల వరస మామూలు వాక్యంలా అయిపోవాలి: ‘వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్’. మన ‘ఓ’ చేసే పనిని అక్కడ వరస చేస్తుంది.

వింతగా ఉన్న ప్రతి ఇంగ్లీషు మాటనీ తెలుగు మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. ‘డూ ద నీడ్‌ఫుల్’ని చాలామంది మన అనువాదం అనుకుంటారు. అది ఇంగ్లీషువాళ్ళ పాత ఆఫీసు భాషే. వాళ్ళు అక్కడ మానేశారు, మన ఆఫీసులు దాచుకున్నాయి. పాత నమూనా ఉత్తరాల్లోని ‘ఐ బెగ్ టు స్టేట్’ కూడా ఆ కాలపు ఆఫీసు ఇంగ్లీషే. గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఇంగ్లీష్ అర్హత పేపర్లో లేఖారచన ఉంది కాబట్టి, పిల్లలు అలాంటి నమూనాలు ఇప్పటికీ బట్టీ పడుతున్నారు. ఇలాంటి మాటలు పాతబడ్డాయని మానేయాలి, అంతే. వాటికి మందు వేరు, ‘యెస్టర్‌డే ఓన్లీ’కి మందు వేరు.

వాక్యంలో తెలుగు దాక్కుని ఉందో లేదో చూడటానికి నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఒకటుంది. రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని మాట వెంట మాటగా తెలుగులోకి తిప్పి చదవాలి. ఎక్కడా మాటల వరస మార్చకుండా, ఏమీ అడ్డుపడకుండా హాయిగా తెలుగులో కూర్చుంటే ఆ వాక్యాన్ని అనుమానించాలి. ‘ఐ గాట్ యువర్ మెయిల్ యెస్టర్‌డే ఓన్లీ’లో ‘యెస్టర్‌డే ఓన్లీ’ చక్కగా ‘నిన్ననే’ అయిపోతుంది. ‘కుడ్ మై ఇంటర్వ్యూ బి మూవ్డ్’ని అలా తిప్పబోతే మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. ‘కుడ్’కి తెలుగులో విడిమాట లేదు. అలా ఆగిపోయిన చోట రాసినవాడు ఇంగ్లీషులోనే ఆలోచించాడని అర్థం. చిన్న వాక్యాలకు ఈ పరీక్ష పనిచేయదు. ‘ఐ యామ్ సారీ’ లాంటివి ఎటు తిప్పినా ఒకటే.

నల్గొండ అబ్బాయి వెళ్ళబోతూ మెయిల్ చివరిసారి చూసుకున్నాడు. ‘డియర్ సర్’లోని ‘సర్’ కూడా తీసేయాలా అని అడిగాడు. హైదరాబాద్ కంపెనీకే కదా రాస్తున్నది, ఆ ఒక్కటీ ఉంచమన్నాను. పంపేశాడు. మర్నాడు అతను మళ్ళీ వచ్చినప్పుడు కంపెనీ జవాబు చూపించాడు, ఒకటే వాక్యం: 19న ఉదయం 11 గంటలకు. దాని కింద అతను అప్పటికే టైప్ చేసి పెట్టుకున్న జవాబు ఉంది, నన్ను అడగకుండానే పంపడానికి సిద్ధంగా: ‘థాంక్యూ. ఐ విల్ బి దేర్.’